తాళంసెవి తీసిన పార్వతి

…అందుకని ఫోన్‌లో ఆటాడే ఆడదంటే పనీపాటా లేనిదని మాత్రం అనుకోకండి. పార్వతి సంగతి తెలిస్తే ఆ మాట మీ నోటికి రాదు. సుమ్మాదేవి నుంచి పొద్దున్నే రైల్లో పలాస వచ్చి, జీడి బట్టీలో పొద్దు తిరిగేదాకా పిక్కల పెంకు కొట్టి పప్పు తీస్తాది. జీడిరసం అంటుకుని సేతి ఏళ్ళు నల్లగా, అట్టలు కట్టీసి ఉంటాయి. ఆ ఏళ్ళతోనే లూడో పందెం ఏస్తాది, పెనిమిటితోటి. ఆ పెనిమిటి, ఢిల్లీరావు, గల్ఫులో వెల్డింగు పనిలో ఉన్నాడు.

పెళ్ళైన కొత్తలో ఇద్దరూ అరుగు మీద గవ్వలాడేవోళ్ళు. ఢిల్లీరావు వాళ్ళింట్లో ఒక పట్టింపుండేది. ఓడిపోతే ఓడిపో, తిట్టుకుంటే తిట్టుకో, ఆట మద్దెలో మాత్రం లెగిసిపోకూడదు. లెగిసిపోతే "నీతో నాకు పొత్తు లేదు" అని మొకం మీద సెప్పినట్టే. వాళ్ళ నాన్న, బాబాయి ఒకసారి అలాగే గవ్వల కాడ లెగిసిపోయి, సచ్చేదాకా మాటాడుకోలేదంట. అందుకే ఢిల్లీరావు గల్ఫు ఎల్లినా సుక్కరవారం సెలవు రోజున ఇద్దరూ ఫోన్‌లో లూడో ఏసుకునేవోళ్ళు. మాటలకన్నా ఆటలోనే వాళ్ళకి మాటలెక్కువ. నాలుగు పడితే ఒక బొమ్మ, ఆరు పడితే ఒక ఎక్కిరింపు.

పోయినసారి సెలవుకొచ్చినప్పుడు ఢిల్లీరావు ఆమె ఫోన్‌లో ఒక యాప్ ఎక్కించేడు. ఆయన ఉన్నకాడ మామూలుగా వాట్సప్ కాల్ సాగదు, వీపీఎన్ అనీదొకటి పెట్టుకోవాల. అక్కడ ఆయన గదిలోవోళ్ళెవరో రెండు పక్కలా ఉంటేనే మాట వినపడతాదని సెప్పేరంట, ఈయన నమ్మేడు. ఫోన్ పైన సిన్న తాళంసెవి బొమ్మ వచ్చింది. "ఈ తాళంసెవి ఎప్పుడూ ఉండాల పార్వతీ. ఇదుంటేనే నాను నీకు వినపడతాను" అన్నాడు. అంతే, ఆ బొమ్మని పార్వతి పుస్తెల్లాగ సూసుకునేది. పొద్దున్న లెగిసి మొదట అదుందో లేదో సూసేది.

మరి ఆ తాళంసెవే కొంపలంటించింది.

ఇంతకుముందు బాగానే ఉండీది. ఈ మద్దెనే పందెం నొక్కితే గిర్రున తిరగడమే గాని పడదు. పడేలోపు ఆమె వంతు దాటిపోద్ది. రెండుసార్లు దాటితే ఆటే ఆమెని బయటికి గెంటీసేది. అవతల ఢిల్లీరావుకి ఏటి కనపడద్ది? "పార్వతి ఆట వదిలి వెళ్ళారు" అని. ఒకసారి కాదు, వరసగా మూడు సుక్కరవారాలు.

అదే రోజుల్లో ఫోన్ చేసి అడిగేడు, "కంపెనీవోళ్ళు ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమంటన్నారు. పెట్టీనా, వచ్చీనా?" అని. పార్వతికి 'వచ్చీ బావా' అనాలనే ఉంది. గాని అమ్మ సెప్పేది, మగోడు పనిలో ఉంటే ఆడది వెనక్కి పిలవకూడదని. "నీ ఇష్టం" అంది. "ఆట మద్దెలో లెగిసిపోతన్నావు. అడిగితే నీ ఇష్టమంటన్నావు. అర్దమైంది నాకు. సుక్కరవారం సాయంత్రం ఆఫీసోడు క్యాంపుకొస్తాడు, సంతకం పెట్టీస్తాను" అని ఫోన్ పెట్టీసేడు. నంబరు బ్లాక్ సేసీసేడు. ఢిల్లీరావు చెల్లెలు జాహ్నవి అన్నకి మెసేజీ పెడితే ఒక్క టిక్కుతోనే ఉండిపోనాది. వదినే పెట్టించిందనుకుని సెల్లినీ బ్లాక్ సేసీసినట్టున్నాడు.

మిగిలిందల్లా ఆ లూడో. అందులో మాత్రం ఈమెని తీసెయ్యడం మర్సిపోనాడో, మనసు రాలేదో, పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతా ఉంది. ఆ చుక్కని సూసి పార్వతి రోజూ ఏడిసేది.

ఆ సుక్కరవారం పొద్దున్న లూడో తెరిస్తే అసలు లోపలికే రానివ్వలేదు. "లాగిన్ విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి." మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. రైల్లో, బట్టీ గుమ్మంలో, పిక్కల బుట్ట ముందర కూడా ప్రయత్నించింది. మద్దేనం దాటేక, ఫోన్ కేసి సూస్తా కొట్టిన పప్పు రెండు ముక్కలైపోతంటే బట్టీ మేస్త్రమ్మ సూసి, "నీ వల్ల ఈయాల పనవదు గాని, ఈ సీసా అట్టుకెల్లి కొబ్బరినూనె పోయించుకుని రా. జీడిరసం అంటకుండా సేతులకి రాసుకోడానికి ఒకరికీ సుక్క లేదు" అని పంపింది.

ఖాళీ సీసా సంచిలో ఏసుకుని పార్వతి నూనె కొట్టుకెల్లలేదు. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో కామేశ్ ఫోన్ కొట్టుకెల్లింది. డిగ్రీ కాలేజీ నుంచి జాహ్నవిని కూడా రమ్మంది.

కామేశ్ మంచోడే, గాని గిరాకీ మీదున్నాడు. ఫోన్ తీసుకుని సూసి, "నెట్ ఉంది గదక్కా. ఓ, వీపీఎన్ ఉందే. ఇదే అయుంటాది" అని యాప్‌లోకెల్లి ఆపీసేడు.

పార్వతి సెయ్యి అడ్డం పెట్టింది. "ఒరేయ్ బాబూ, అది తియ్యకు. అది తీస్తే ఆయన వినపడడు."

"ఇప్పుడు మట్టుకు వినపడతన్నాడేటక్కా?"

పార్వతి అడ్డం పెట్టిన సెయ్యి తీసీసింది.

ఆపేక సూస్తే లూడో కాదు, ఏదీ తెరుచుకోలేదు. వాట్సప్ లేదు, యూట్యూబు లేదు, ఒట్టి గుండ్రం తిరుగుతా ఉంది. కామేశ్ మళ్ళీ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. "సూసేవా, నాదే తప్పు. నీకు నెట్ వస్తందే దీని వల్ల. దీన్ని కదపకూడదు. ఆట పాడైంది, తీసీసి మళ్ళీ ఎక్కిద్దాం" అని లూడో బొమ్మ మీద ఏలు నొక్కి పట్టీసేడు.

"ఆగన్నయ్యా" అని జాహ్నవి ఫోన్ లాగీసుకుంది. "వదినా, దీంట్లో నీ ఖాతా ఎలా తెరిసేవు? మెయిల్‌తోనా?"

"మెయిలేటి? మీ అన్నయ్య 'గెస్ట్' అని నొక్కేడు, ఆడుకున్నాం."

"అయితే తీసెయ్యకూడదు. గెస్టంటే ఖాతా ఈ ఫోన్‌లోనే ఉంటాది. తీసెస్తే అన్నయ్య పేరు కూడా పోద్ది. మళ్ళీ అడిగితే వాడు ఒప్పుకోవాల, ఒప్పుకుంటాడేటి?"

పార్వతి అక్కడే బల్ల మీద కూలబడిపోనాది. ఒక్క ఏలు ఇంకాస్త నొక్కుంటే ఆ పచ్చచుక్క కూడా పోయుండేది. గోడ మీద గడియారం కేసి సూడబుద్ధి కాక, సంచిలోని సీసాని గట్టిగా పట్టుకుని కూకుంది. "నాను అన్నీ సెడగొట్టుకుంటన్నానే" అంది, మెల్లిగా, తనలో తనే.

"ఏడవకు వదినా. పొయ్యి అంటుకోకపోతే కట్టె పచ్చిదో, పొయ్యి తడిదో సూస్తాం గదా. ముందర నెట్ తప్పా, ఫోన్ తప్పా సూద్దాం."

జాహ్నవి పార్వతి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, తన ఫోన్‌ని దానికి కలిపింది. తన ఫోన్‌లో అదే లూడో, అదే సిమ్ము నెట్టు. ఇట్టే లాగిన్ అయిపోనాది. పందెం నొక్కితే నొక్కినట్టే పడింది. పింగ్ అని, ఆట ఎంత ఆలస్యంగా పలుకుతాదో సెప్పీ అంకె పచ్చగా తొంభై సూపించింది. పార్వతి ఫోన్‌లో మొన్న ఆడినప్పుడు అదే అంకె ఎర్రగా, ఎనిమిది వందలు దాటి ఉండేది.

"సూసేవా కామేశన్నయ్యా. అదే సిమ్ము, అదే కొట్టు. నెట్ బాగానే ఉంది. నా ఫోన్‌కి లేనిదీ, వదిన ఫోన్‌కి ఉన్నదీ ఏటి? తాళంసెవి. హాట్‌స్పాట్ నెట్టు దాని మీంచి రాదు."

"మరి తీస్తే నెట్టే పోతంది గదే."

"అదే తిరకాసు."

ఇద్దరూ తల దగ్గర పెట్టుకుని ఫోన్ సెట్టింగుల్లో వీపీఎన్ పేరు కాడికెల్లేరు. కామేశే ముందర సూసి, "ఓలమ్మ" అన్నాడు. అక్కడ రెండు బొత్తాలు వెలుగుతా ఉన్నాయి. ఒకటి, వీపీఎన్ ఎప్పుడూ ఉండాలని. రెండోది, వీపీఎన్ లేకపోతే నెట్టంతా ఆపీమని. "మీ ఆయన రెండూ నొక్కీసేడక్కా. అందుకే యాప్ ఆపితే ఫోనే గుమ్మం మూసీసింది. వీపీఎన్ వల్ల నెట్ రావట్లేదు, అది లేకపోతే రానివ్వొద్దని ఈ బొత్తం కాపలా కాస్తంది. నాను యాప్‌లోనే ఆపి ఊరుకున్నాను."

"మరి ఆటకేటి రోగం?" అంది పార్వతి.

"ఇది ఉత్తినే వచ్చిన యాప్ గదా, ఇప్పుడు ఏదో దూరదేశం మీంచి తిప్పుతంది. పలాస నుంచి కాశీబుగ్గకి ఒడిశా బరంపురం మీంచి ఎల్లినట్టు. ఎల్లేసరికి నీ వంతు దాటిపోతంది. పైగా ఎంతోమంది అదే దారిలో పోతంటే ఆట నడిపీవోళ్ళు అనుమానపడి గుమ్మంలోనే ఆపీస్తారు."

పార్వతి అన్నీ అర్దం చేసుకోలేదు. ఒకటి మాత్రం అర్దమైంది. "అయితే నాను లెగిసిపోలేదు."

"లేదక్కా. దారి తప్పించింది ఇదే."

తియ్యాల్సిన బొత్తాలు కామేశ్ తియ్యబోతే, "నాను తీస్తాను" అంది పార్వతి. నల్లటి ఏలు ఒకసారి ఆగింది. మనసులో దణ్ణం పెట్టుకున్నట్టే పెట్టుకుని, ఒకటీ రెండూ ఆపింది, యాప్ కూడా ఆపీసింది. పైన తాళంసెవి పోనాది. మెడ బోసిపోనట్టనిపించింది.

లూడో తెరిచింది. గుండ్రం ఒకసారి తిరిగి, లోపలికి రానిచ్చింది. ఢిల్లీరావు పేరు పక్కన పచ్చచుక్క.

ఆటకి పిలిచింది. ఎంతసేపటికీ పలకలేదు. మళ్ళీ పిలిచింది. కామేశ్ గిరాకీని ఒగ్గీసి సూస్తన్నాడు, జాహ్నవి గోళ్ళు కొరుక్కుంటంది. మూడోసారికి పలికేడు.

పందెం నొక్కితే టక్కున పడింది. ఆరు. పార్వతి కాయి బయటికొచ్చింది. వాళ్ళాడీది ఒక్క కాయి పండితే గెలుపనీ పొట్టి ఆట. ఆయన ఏ ఎక్కిరింపూ పెట్టలేదు. రెండు వంతులు గడిసేక మాటల పెట్టెలో ఒక్క ముక్క పెట్టేడు. "ఈసారి ఎప్పుడు లెగిసిపోతావు?"

పార్వతి రాయడం మొదలెట్టింది. ఆమెకి తెలుగు కొట్టడం నెమ్మది. తాళంసెవి సంగతి రాద్దామనుకుని తుడిపీసింది, అంత కొట్టేలోపు సాయంత్రమైపోద్దని. ఇంతలో ఢిల్లీరావు బొమ్మ మీద బూడిదరంగు కమ్ముకుంది. "కనెక్ట్ అవుతోంది" అని వచ్చి, ఆయన కాయల్ని ఆటే నడపడం మొదలెట్టింది.

"ఎల్లిపోనాడా?" అంది జాహ్నవి.

నిన్నటి పార్వతైతే అదే అనుకుని కుమిలిపోయేది. "ఎల్లిపోలేదే. ఆయన కాడ కూడా తాళంసెవి ఉంది గదా" అంది. తన కాయిని మెల్లిగా నడిపింది. గెలిసీ ఎత్తు వచ్చినా గెలవలేదు. గెలిస్తే ఆట అయిపోద్ది.

బూడిదరంగు పోనాది. "నువ్వింకా ఉన్నావేటి?" అని వచ్చింది. వెనకాలే ఇంకోటి. "ఆఫీసోడొచ్చేడు. పిలుస్తన్నాడు. నీ ఇష్టమేటి?"

పార్వతి ఒక్క అక్షరమే కొట్టింది.

"రా"

అది ఎల్లింది. సదివినట్టు ఏ గుర్తూ లేదు, ఆ ఆటలో అలాంటియ్యి ఉండవు. వంతు ఆయనది. పచ్చచుక్క వెలుగుతానే ఉంది, పందెం పడట్లేదు. ఆయన సంతకానికి లెగిసేడో, ఆ మాటే సూస్తా కూకున్నాడో తెలీదు. పార్వతి కళ్ళార్పకుండా దాన్నే సూస్తా కూకుంది. సంచిలో మేస్త్రమ్మ ఇచ్చిన సీసా ఖాళీగానే ఉంది. బట్టీలో నూనె కోసం సేతులన్నీ ఇంకా కాసుకుని ఉన్నాయి.