అమ్మ తీసేసిన ఫొటో

అమ్మ జ్ఞాపకార్థ కూడికకి ఫ్లెక్సీ వేయించాలని నరసరావుపేటలో షాపుకి వెళ్ళాను. నా ఫోన్‌లో అమ్మ ఫొటోలకి లోటు లేదు. అన్నీ మిరపకాయ కోతల్లో తీసినవే. ఘాటు తగలకుండా ముఖానికి గుడ్డ చుట్టుకోవడంతో అన్నిట్లోనూ కళ్ళే కనిపిస్తాయి.

ఒక్క ఫొటోలోనే ముఖం ఉండేది. గట్టు మీద నీళ్ళు తాగడానికి గుడ్డ కిందికి లాగి, దేనికో పకపకా నవ్వుతుంటే తీశాను. “ఛీ, పళ్ళన్నీ బయటపడ్డాయే. ఎవరన్నా చూస్తే!” అంటూ ఫోన్ లాక్కుని గ్యాలరీలోంచి తానే తీసేసింది.

షాపులో గ్యాలరీ ట్రాష్ తెరిచాను. ఏమీ లేదు.

“నెల దాటితే అదే పోద్దండీ,” అన్నాడు షాపతను. ఎంత తేలిగ్గా అన్నాడో! ఒళ్ళు మండింది. “క్లౌడ్ బ్యాకప్ ఆన్‌లో ఉందా మేడమ్? ఫొటో అప్పటికే ఎక్కుంటే, ఫోన్ గ్యాలరీలో తీసేసినా అక్కడ ఉండొచ్చు.”

నా మెయిల్‌తో ఉన్న బ్యాకప్ యాప్ తెరిచి, కోతల రోజుల దాకా వెనక్కి జరుపుకుంటూ పోయాను. దొరికింది.

“మెడలో ఆ గుడ్డ తీసేసి పట్టుచీర పెట్టమంటారా?”

“ఏం ముట్టుకోవద్దు,” అని అరిచాను.

ఇప్పుడు చర్చి గేటుకి కట్టిన ఫ్లెక్సీలో అమ్మ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఊరంతా చూస్తోంది. తీసెయ్యమని నన్ను తిట్టడానికి మాత్రం అమ్మ లేదు.