కాగితంలో వాన లేదు

డెబ్బైల చివర్లో పామర్రు దగ్గర ఒక గిడ్డంగి కడుతున్నప్పుడు నేను కొత్త జూనియర్ ఇంజనీరుని. పునాదులకూ, ఆఫీసు గది శ్లాబుకూ కాంక్రీటు నామినల్ మిక్స్, అంటే డబ్బాతో కొలిచి కలిపే మామూలు పాళ్ళు, చాలన్నారు. ఒక డబ్బా సిమెంటుకు రెండు ఇసుక, నాలుగు కంకర. అది అందరికీ నోటికొచ్చిన లెక్క. పొడవాటి దూలాలకు మాత్రం డిజైన్ మిక్స్, అంటే ల్యాబు లెక్కకట్టి ఇచ్చే పాళ్ళు. మా ఇసుకనూ కంకరనూ బెజవాడ ల్యాబులో పరీక్షించి కాగితం పంపారు: సిమెంటు ఒకటికి ఇసుక ఒకటీ పాయింటు ఆరు, కంకర మూడూ పాయింటు రెండు.

మేస్త్రి డబ్బా పట్టుకొచ్చాడు. "పాయింటు ఆరుకి ఎక్కడ గీత గియ్యమంటారండీ?"

సగానికి కాస్త పైన గీయించాను. మా పెద్ద ఇంజనీరుగారు అది చూసి మండిపడ్డారు. "అది తూకమయ్యా, కొలత కాదు. యాభై కిలోల బస్తాకి ఎనభై కిలోల ఇసుక, నూట అరవై కంకర, పాతిక లీటర్ల నీళ్ళు. కాటా తెప్పించు."

ధాన్యం కొట్టు నుంచి కాటా తెప్పించాను. ఇక తికమక తీరిందనుకున్నాను. తెల్లారేసరికి వాన కురిసి ఇసుక గుట్ట నానిపోయింది.

మేస్త్రి తడి ఇసుకను కాటా మీద పోసి, ముల్లు ఎనభై దగ్గర ఆగాక నావైపు తిరిగాడు. "ఇందులో ఇసుకెంతండీ, నీళ్ళెంతండీ?"

కాగితం రెండు వైపులా చూశాను. మళ్ళీ ఎండ కాసేదాకా దూలాల పని ఆపించాను.