వెలగని బల్బు

నాకు చిందరవందర అంటే ఒళ్లు మంట. శ్రీకాకుళంలో మా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరిన మొదటి ఏడాది, ప్రాక్టికల్ పరీక్షల ముందు రోజు, అలమారాలోని బోర్డులన్నీ దించి దుమ్ము దులిపాను. ఊడిన తీగలు అతికించాను. వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్ బోర్డు దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

బయటినుంచి ఏ సిగ్నలూ ఇవ్వకుండానే తనంతట తాను అలలు పుట్టించే సర్క్యూట్ అది. రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు కలిసి సెకనుకు ఎన్ని అలలో తేలుస్తాయి. ఆ దారిలో సిగ్నల్ మూడో వంతుకు తగ్గిపోతుంది కాబట్టి ఆంప్లిఫయర్ దాన్ని సరిగ్గా మూడు రెట్లు పెంచాలి; ఆ పెంపునే గెయిన్ అంటారు. ఆ మూడు రెట్లను నిర్ణయించే చోట, రెసిస్టర్ ఉండాల్సిన చోట, ఎవరో చిన్న బల్బు అతికించారు.

కరెంటు ఇచ్చి చూశాను. బల్బు వెలగలేదు. తీసేసి మీటరు పెడితే, బల్బు మాడిపోలేదు, కొద్దిపాటి రెసిస్టెన్స్ చూపిస్తోంది. ఎప్పుడో రెసిస్టర్ దొరక్క ఉన్నదానితో సర్దేశారని నాకు అర్థమైపోయింది. మా ల్యాబులో సగం అలాంటి సర్దుబాట్లే. మీటరు చూపించిన విలువకే కొత్త రెసిస్టర్ అతికించి, బల్బును తుక్కు డబ్బాలో పడేశాను. ఆసిలోస్కోప్ తెరమీద అల ఎలా వస్తోందో చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

మర్నాడు ఎవరికి ఏ ప్రయోగమో తేల్చే చీటీలు తీస్తే ఆ బోర్డు ఓ సముద్రం ఒడ్డు ఊరి అమ్మాయికి వచ్చింది. వాళ్ల నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. ఈ ల్యాబు ఒకసారి తప్పింది. ఈసారి గట్టెక్కితే గరివిడిలో ఓ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరొచ్చు, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు.

అరగంట తర్వాత చూస్తే ఆమె తెరమీద అల పైనా కిందా కోసేసినట్టు చదునుగా ఉంది. గెయిన్ నాబ్ తిప్పి తగ్గిస్తే కాసేపటికి అలే చచ్చిపోతోంది. పెంచితే మళ్లీ చదును. నేను పక్కకు వెళ్లాను.

"సార్, ఇందల బల్బు ఉండేది గదండి. ఏటయింది?" అంది మెల్లగా.

"వెలగడం లేదని తీసేశాను. అంతే విలువకు రెసిస్టర్ పెట్టాను."

ఆమె ఆ రెసిస్టర్ మీద వేలు పెట్టింది. "అది సల్లగున్నప్పటి విలువండి. అల పెరిగితే బల్బు ఏడెక్కుతాది, దాని రెసిస్టెన్స్ పెరుగుతాది, అప్పుడు గెయిన్ మూడుకు దిగి ఆగుతాది. రెసిస్టర్‌కి ఆ ఇది ఎక్కడుంటాది?"

నాకు తల కొట్టేసినట్టయింది. తుక్కు డబ్బా దగ్గరకు పరిగెత్తాను. పొద్దున్నే ఊడ్చే ఆమె ఖాళీ చేసేసింది. సిగ్గేసింది, భయమూ వేసింది. అయినా నిజం చెప్పాలంటే, వాటి మధ్యలోంచే ఓ కుతూహలం లేచింది. ఇంత చిన్న బల్బు ఇంత పని చేస్తోందా?

తిరిగొచ్చేసరికి ఆమె రెండు డయోడ్లు అడిగి తీసుకుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను రెండు ముక్కలుగా పెట్టి, ఒక ముక్కకు సమాంతరంగా డయోడ్లను ఒకదానికొకటి తిరగేసి కలిపింది. నాబ్ కొంచెం కొంచెం తిప్పింది. అల లేచింది, గుండ్రబడింది, అక్కడే నిలబడింది. అల పెద్దదయినప్పుడు డయోడ్లు కరెంటుకు అడ్డదారి ఇచ్చి గెయిన్ తగ్గిస్తాయని నాకు అప్పుడు తట్టింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ బోర్డు చూసి మొహం చిట్లించారు. "మాన్యువల్‌లో బల్బు ఉంది కదమ్మా. ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే మార్కులు ఎలా వెయ్యను?"

ఆమె తల దించుకుంది. నా పేరు ఎత్తలేదు.

నేను ముందుకు వచ్చాను. "బల్బు నేను తీసేశానండి. వెలగడం లేదని."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత ఆమెవైపు తిరిగారు. "సరే. నువ్వు చెప్పు. ఎందుకు వెలగలేదు?"

"ఎలిగేదాకా పోదండి. అంత ఏడెక్కకముందే అల సర్దుకుంటాది. ఎలగకుండానే పని సేస్తాది."

ఆయన మార్కులు వేశారు. ఆమె గట్టెక్కింది, గరివిడిలో చేరింది.

కొత్త బల్బు కోసం ఊరంతా తిరిగాను. అన్ని షాపుల్లోనూ ఎల్ఈడీలే. చివరికి పాత రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర ఒకటి దొరికింది. దాన్ని అతికించి, ఈసారి తెర ముందే కూర్చున్నాను. అల ఒక్కసారి ఉబ్బింది, తగ్గింది, ఇంకోసారి కొంచెం ఉబ్బి స్థిరపడింది. బల్బు మీద వేలు పెట్టి చూశాను. వెలుగు లేదు, వేడి కూడా వేలికి తెలియలేదు.

దాని పక్కన చీటీ అంటించాను: "వెలగదు. తీయకండి." అది పిల్లల కోసమేనని అందరూ అనుకుంటారు.