కిట్టు ఎవరి పొట్టలోకి పోయింది

మా ఆఫీసు పత్రికలో తోటి ఉద్యోగి గురించి రాసే పేజీ ఒకటి పెట్టారు. ఈసారి అబిదా గురించి రాయాలంట, రాయాల్సింది నేనంట. ఏం, ఇంకెవరూ దొరకలా? ఆ పిల్లంటే నాకు కుళ్లని అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. తెలిసే అడిగారేమో. సరే, రాస్తా. రాసింది రాసినట్టు వేసే దమ్ముంటే వేసుకోండి.

నా పేరు శివరామయ్య. ఆడిట్‌లో ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతా. ఇన్నేళ్లలో నేను రాసిన పేరా, అంటే తనిఖీలో పట్టిన తప్పు మీద రాసే ముక్క, ఒక్కటంటే ఒక్కటి అసెంబ్లీలో పెట్టే రిపోర్టు దాకా పోలా. అన్నీ మధ్యలోనే రాలిపోయినయ్. రిపోర్టులో ఎవరి పేర్లూ ఉండవు, కానీ ఏ పేరా ఎవరిదో ఆఫీసులో అందరికీ తెలుసు. పోయేలోపు ఒక్కటైనా నాదని చెప్పుకోవాలని ఉండేది.

అబిదా మాచర్ల పిల్ల. ముప్పై రెండేళ్లు ఉంటాయి. వాళ్ల నాన్నది సైకిళ్ల రిపేరు షాపు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదివి పరీక్ష రాసి, నేను పద్నాలుగేళ్ల సర్వీసుకి ఎక్కిన మెట్టు మీద మొదటి రోజే వచ్చి కూర్చుంది. ఇంగ్లీషు నాకంటే ఒక పిసరు తక్కువే వచ్చు. ఈ మాట రాసుకుంటుంటే నాకెంత హాయిగా ఉందో.

పోయిన ఫిబ్రవరిలో మా ఇద్దర్నీ ఒకే ఆడిట్ పార్టీలో, అంటే తనిఖీ బృందంలో, వేశారు. పెద్దని నేను. నరసరావుపేటలో మకాం. పని, 'తల్లి బువ్వ' పథకం మీద పెర్ఫార్మెన్స్ ఆడిట్. కడుపుతో ఉన్నామెకి నాలుగో నెల నుంచి ప్రతి నెలా ఐదో తారీకులోపు రాగిపిండి, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం ఉన్న కిట్టు ఇంటికి చేర్చాలి. ఇచ్చేటప్పుడు ఫోనుకి ఓటీపీ వస్తుంది, అది చెప్తే ఇచ్చినట్టు.

ఈ రకం ఆడిట్‌లో బిల్లులు కూడుకుంటూ కూర్చోం. పథకం ఎవరికోసం పెట్టారో వాళ్లకి పనికొచ్చిందా లేదా చూస్తాం. అందుకు ముందు ఒక పట్టిక గీసుకుంటాం. మొదటి గడిలో మనం అడిగే ప్రశ్న. పక్క గడిలో కొలబద్ద, అంటే అసలు ఏం జరగాలని మార్గదర్శకాల్లో రాశారో అది. ఆ పక్కన ఆధారం, అంటే జరిగిందో లేదో దేన్నిబట్టి చెప్తామో అది. మొదటి గడి వంకరైతే మిగతా రెండూ వంకరే. ఈ ముక్క కుర్రాళ్లకి నేనే పాఠం చెప్పేవాణ్ణి.

ఆ పట్టిక నేనే గీశా. ప్రశ్న: కిట్టు గడువులోగా లబ్ధిదారు ఇంటికి అందిందా? ఆధారం: రిజిస్టరు, ఓటీపీ, ఇంటింటి సర్వే. ఒక మండలంలో ఒక ఊరు ఎంచుకున్నాం, పేరు వద్దు. ముప్పై ఇళ్లు నేనే తిరిగా. గుమ్మంలో నిలబడి ఫారం తీసి, 'కిట్టు అందిందా అమ్మా' అని అడగడం, 'అందిందయ్యా' అనగానే టిక్కు పెట్టడం. ముప్పైకి ముప్పై. ప్రతి ఫారం కింద నా సంతకం. సాయంత్రానికి పని అయిపోయింది. పథకం బ్రహ్మాండంగా నడుస్తోందని రాసుకున్నా.

సర్వే ఫారాల్లో పదోవంతు ఇంకొకరు పోయి సరిచూడాలని మా పద్ధతి. మూడిళ్లకి అబిదా పోయింది. పోయినామె రావాలి కదా, రాలా. మధ్యాహ్నం ఏమైందోనని నేను పోతే, మిరపకాయల కుప్ప దగ్గర ముసలాళ్ల మధ్య కింద కూర్చుని తొడాలు తీస్తా ఉంది. చేతికి గుడ్డ చుట్టుకుని మరీ.

"ఏందమ్మా ఇది, కూలికి వచ్చావా?" అన్నా.

"కూర్చోండి సార్," అని, పక్కనున్న ముసలామెతో మాట పొడిగించింది. "అయితే అత్తా, కోడలు పురిటికి ఎప్పుడు పోయింది?"

"ఏడో నెల పెట్టంగానే పంపించా. తొలి కాన్పు పుట్టింట్లోనే గదా. ఇప్పుడు తొమ్మిది."

"మరి ఈ నెల కిట్టు?"

"ఇంటికొచ్చిందిగా. ఫోను మావాడి దగ్గరుంటది, నంబరు చెప్పాడు, ఇచ్చి పోయారు. మీ మామకి షుగరు, రాగిజావ కాసి పోస్తన్నా. పారబోసుకుంటామా ఏంది?"

ఆ ముసలామె ఫారం మీద నా టిక్కు ఉంది. అబద్ధం కాదు. ఇంటికి అందింది. నేనడిగింది అదే, ఆమె చెప్పిందీ అదే.

దారిలో అబిదా అంది: "సార్, మన ప్రశ్న తప్పేమో. అందిందా అని కాదు, ఎవరి పొట్టలోకి పోయింది అని అడగాలి."

"ఆడిట్ ప్రశ్న అట్లా ఉండదు," అన్నా కటువుగా.

ఉండదని ఆమెకీ తెలుసు. తెల్లారేసరికి చక్కగా రాసుకొచ్చింది: గర్భిణి ఆ నెల ఎక్కడ ఉంటే అక్కడ, ఆమెకే కిట్టు చేరిందా? కొలబద్ద కూడా పట్టుకొచ్చింది. మార్గదర్శకాల్లో పదిహేడో పేరా: లబ్ధిదారు వేరే ఊరు పోతే ఏడు రోజుల్లో ఆమె పేరు అక్కడి అంగన్‌వాడీకి బదిలీ చెయ్యాలి. నేను మూడుసార్లు చదివిన పేరానే అది. చదివా, పేజీ తిప్పా.

తర్వాత ముప్పై ఇళ్లూ తిరిగొచ్చింది. పదకొండు మంది కోడళ్లు పురిటికి పోయి ఉన్నారు. ఒక్కరి పేరూ బదిలీ కాలా. కిట్లు అత్తారింట్లో, కడుపులు పుట్టింట్లో. నాకు కళ్లు కుట్టినయ్. మాచర్లలో పుట్టి, తొలి కాన్పుకి తనూ పుట్టింటికి పోయొచ్చిన పిల్లకి తట్టింది. మా ఇంట్లో ఇద్దరు కూతుళ్లకి పురుళ్లు పోయించిన నాకు తట్టలా. పైగా అది నిలబడితే నా పదకొండు టిక్కులూ చెల్లవు.

సోమవారం మా గ్రూపు ఆఫీసరు మేడం వచ్చారు. అబిదా చెప్పింది విని, "బావుంది. ఆధారమేంటి?" అన్నారు.

"అత్తల వాంగ్మూలాలు, మేడం. పదకొండు."

"నోటిమాట. ఆడిట్ ఆఖర్న జరిగే ఎగ్జిట్ కాన్ఫరెన్సులో డిపార్ట్‌మెంటు వాళ్లు 'ఆ రోజు కోడలు ఇంట్లోనే ఉంది, ఓటీపీ ఉంది చూడండి' అంటే మనం ఏం చూపిస్తాం? గురువారం లోపు గట్టి ఆధారం తెస్తే ఉంచుదాం. లేకపోతే తీసేద్దాం."

తర్వాత నా వైపు చూశారు. "శివరామయ్య గారూ, మీకేమన్నా తోస్తుందా?"

తోచింది. తోచడమేంది, అడగకముందే నాకు తెలుసు. ప్రతి కడుపుతో ఉన్నామె దగ్గరా తల్లీబిడ్డల కార్డు ఉంటుంది. నెలనెలా పరీక్ష ఏ ఆస్పత్రిలో, ఏ తారీకున చేశారో అందులో రాస్తారు. పుట్టిల్లు దుర్గి అయితే దుర్గి ఆస్పత్రి ముద్ర ఉంటుంది. ఇక్కడ కిట్టు ఇచ్చిన నెలల్లో అక్కడి ముద్రలు వరసగా పడి ఉంటే ఇంక ఎవడు కాదంటాడు? పద్నాలుగేళ్ల కిందట పింఛన్ల ఆడిట్‌లో నేనే ఇట్లా ఆస్పత్రి చీటీలతో సరిపోల్చా. డిపార్ట్‌మెంటు మనిషిని వెంట తీసుకుపోయి సంతకం పెట్టించుకోవడం మర్చిపోయా. నా పేరా కొట్టేశారు.

"ఆలోచించాలి, మేడం," అన్నా.

అదీ నేను చేసిన పని. మంగళవారం ఆలోచించా, బుధవారం ఆలోచించా. నిజం చెప్పాలంటే అబిదా ఎప్పుడు ఓడిపోతుందా అని చూశా. నా పేరా కొట్టేస్తే నలభై ఐదేళ్లకే నాకు జుట్టు తెల్లబడింది, దీనికి మాత్రం పూలదండలు వెయ్యాలా అనుకున్నా. బుధవారం సాయంత్రం నా టేబుల్ దగ్గరికొచ్చి, "సార్, ఏమన్నా దారి ఉందంటారా?" అని అడిగింది. మింగలేక కక్కలేక, "చూడమ్మా, కష్టం," అన్నా. "సరే సార్," అని పోయింది.

గురువారం పొద్దున ఫోను చేసి మేడంని సాయంత్రం దాకా గడువు అడిగిందంట. డిపార్ట్‌మెంటు తరఫున అంగన్‌వాడీ సూపర్‌వైజర్ నజీమాని వెంటబెట్టుకుని కారు మాట్లాడుకుని పోయింది. సాయంత్రం ఐదున్నరకి వచ్చింది, చెప్పులనిండా దుమ్ము. బల్లమీద కార్డుల నకళ్లు పరిచింది. ఎనిమిది. ఒక్కోదాని మీద కార్డు చూపించినామె సంతకం, నజీమా సంతకం, తన సంతకం. కిట్టు ఇచ్చిన తారీకు పక్కనే పుట్టింటి ఆస్పత్రిలో పరీక్ష చేసిన తారీకు.

"పదకొండన్నావుగా?" అన్నారు మేడం.

"ముగ్గురి కార్డులు దొరకలా, మేడం. వాళ్లని లెక్కలోకి తీసుకోలేదు. ముప్పైలో ఎనిమిది అనే రాశా. ఈ ఒక్క ఊరిని చూసి జిల్లా అంతా ఇంతేనని కూడా అనలేం. మిగతా శాంపిల్ ఊళ్లలో ఇదే ప్రశ్న అడుగుదాం."

మేడం నకళ్లన్నీ తిప్పి చూసి, "ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు.

అబిదా కాగితం మీద వేలు పెట్టి చూపించింది. 'సరిపోల్చిన విధానం: పింఛన్ల ఆడిట్‌లో శ్రీ శివరామయ్య గారు వాడినది. శాఖ ప్రతినిధి సంతకం అదనంగా చేర్చడమైనది.' అని రాసి ఉంది. నా టిక్కుల గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. 'ప్రాథమిక సర్వే తర్వాత ప్రశ్నను సవరించాం' అని మాత్రం ఉంది.

మేడం నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "చెప్పారన్నమాట మొత్తానికి," అన్నారు. నేను చెయ్యి ఇచ్చా. కాదనలా.

మేడం పోయాక నేనూ అబిదా మిగిలాం. ఆ పిల్ల నకళ్లకి క్లిప్పులు పెడతా ఉంది.

"నా పాత ఫైలు నీకెక్కడ దొరికింది?" అన్నా.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో రికార్డు రూములో చదివా సార్. మంచి పేరా. అనవసరంగా కొట్టేశారు."

"అంటే సోమవారమే నీకు దారి తెలుసా?"

"తెలుసు సార్."

"మరి నిన్న నన్నెందుకు అడిగావు?"

క్లిప్పు పెట్టడం ఆపలా, తల ఎత్తలా. "మీ పేరా కదా సార్. మీరే చెప్తే మీతో కలిసి పోదామని ఆగా. ఆ రెండ్రోజులూ ఊరికే పోయినయ్. దుర్గిలో ఇంకో ఇద్దరి కార్డులు కూడా దొరికేవి, వాళ్లు నిన్ననే కాన్పుకి గుంటూరు ఆస్పత్రికి పోయారంట."