పుట్టింటి పేరు కింద దొరికిన కాగితం

దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా అనకుండా అందరం కలిసి మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడాది, హైదరాబాదులో తెలుగు టీచర్ల శిక్షణకు నన్నూ మా తోటికోడలినీ ఎంపిక చేశారు. ఇద్దరం డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో ఆదివారాలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాళ్ళం. మా పూర్వీకులు ఇండియావాళ్ళేనని చూపడానికి తల్లిదండ్రుల వివరాలుండే పూర్తి బర్త్ సర్టిఫికెట్ కావాలన్నారు. ఇద్దరం ఒకేరోజు డర్బన్‌లో దరఖాస్తు పెట్టాం. ఆమెది వచ్చేసింది. నాది రాలేదు.

నాకు కడుపు మండిపోయింది. ఆమెకు అన్నీ అలాగే అమరుతాయి. అత్తగారి మెప్పు ఆమె బిర్యానీకే, టాక్సీవాడు బండి ఆపేదీ ఆమె చెయ్యెత్తితేనే. సర్టిఫికెట్ ఒకసారి చూపించమంటే, "లోపల పెట్టేసినా అక్కా" అంది. నా దిష్టి తగులుతుందని కాబోలు! ఇంకా ఉడికిపోయాను.

శుక్రవారంలోగా కాగితం ఇవ్వకపోతే నా చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. బుధవారం మళ్ళీ ఆఫీసుకు బయలుదేరాను. వద్దంటున్నా తోటికోడలు వెంట వచ్చింది.

కౌంటర్‌లో ఉన్న జులూ ఆవిడ కొత్తగా చేరినట్టుంది. రసీదు ఆమె ముందుపెట్టి, కోపమంతా మింగి, ముందు జులూలో 'నమస్కారం చెల్లీ' అని పలకరించి, ఇంగ్లీషులో మర్యాదగా అడిగాను.

"సావుబోనా సిసి. నా అప్లికేషన్ నంబర్ 4173. పద్నాలుగో తారీఖుకు వస్తుందన్నారు, వారం దాటింది. దయచేసి ఎక్కడుందో చూస్తారా?"

"మీ సర్‌నేమ్?"

చెప్పాను. ఆమె సొరుగు లాగి వెతికింది. లేదు. పోయినసారి ఉన్న గుమాస్తా అంతటితో సొరుగు మూసేశాడు. ఈవిడ మాత్రం నా నంబరు పట్టుకుని రాజధాని ప్రిటోరియా నుంచి వచ్చిన జాబితా చూసింది.

"వచ్చింది సిసి. కానీ మీరు చెప్పిన పేరు కింద లేదు."

"అక్కా, పుట్టింటి పేరు చెప్పు. బర్త్ పేపర్ దాని మీదే గదా ఉంటాది!" అంది తోటికోడలు వెనకనుంచి.

నాలుక కరుచుకున్నాను. మా నాటాల్ రాష్ట్రంలోని తెలుగువాళ్ళలో సగంమందికి ఒకే సర్‌నేమ్. ఆమెకు పుట్టింటా మెట్టినింటా ఒకటే కాబట్టి ఆమె కాగితం ఇట్టే దొరికింది. నేను తమిళాయన కూతుర్ని, రెండుసార్లూ మా ఆయన ఇంటిపేరే చెప్పాను. పుట్టింటి పేరు చెప్పగానే కౌంటర్ ఆవిడ ఇంకో సొరుగులోంచి తీసి సంతకం పెట్టించుకుంది.

బయట బెంచీ మీద కూర్చుని చదువుకున్నాను. అమ్మ పేరు, నాన్న పేరు. తోటికోడలు చెయ్యి చాపితే ఇచ్చాను. ఎంతకీ తిరిగి ఇవ్వదు.

"నాదాంట్లో నాయన పేరు కాడ గీతే ఉండాది అక్కా" అంది. "నా సర్‌నేమ్ మా అమ్మది. అందుకే నీకు చూపలే."

మా నాన్న పేరు మీంచి ఆమె కళ్ళు కదల్లేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ నేను ఆమెను చూసిన చూపే అది.