నూటనలభై నాలుగు కేలరీలు

మా నాయన ఆదోని పత్తి మార్కెట్లో వేలం పాడేవాడు. మమ్మల్నందరినీ సాకిన ఆ గొంతులోనే గడ్డ లేసింది. ఎనభైల నాటి మాట. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు చూసి, "మనిషి చిక్కిపోయినాడు. ఇట్లే కోస్తే తట్టుకోలేడు. నెలలో కొంచెమన్నా బరువు పెరిగితే ఆపరేషన్ చేస్తాను" అన్నాడు.

ముద్ద దిగదు. ఏదైనా పల్చగా, గుక్కలు గుక్కలుగా, పూటకొక గ్లాసు. అంతకు మించి పట్టదు. ఆ గ్లాసులో ఏం పోస్తామన్నదే మా నాయన ప్రాణం. నేనప్పుడు నర్సు ట్రైనింగులో ఉంటిని. సెలవు పెట్టి వచ్చి, బర్రెపాలు, పాలు కలిపిన రాగిగంజి లెక్కేసి తాపుతాంటిని.

అంతలో ఎమ్మిగనూరు నుంచి మా మామ దిగినాడు, అమ్మకు తమ్ముడు. కువైట్ నుంచి వచ్చి వారం కాలేదు. పెట్టె నిండా నారింజ రంగు డబ్బాలు. సోడా మాదిరి పొంగే రకం కాదు.

"ఎనర్జీ అని రాసింది సూడక్కా! ఆడ ఎండలో పనిచేసేటోళ్లు ఇదే తాగుతారు. బావ లేసి కూర్చుంటాడు."

తమ్ముడు అంత దూరం నుంచి మోసుకొచ్చినాడని అమ్మకు కళ్లనీళ్లు తిరిగినాయి. మర్నాడు చూస్తే, పాలగ్లాసు పక్కన పెట్టి డబ్బా తాపుతాంది.

నాకు ఒళ్లు మండింది. డబ్బా లాక్కుని చదివినాను. నూరు మిల్లీలీటర్లకు చక్కెర పదకొండు గ్రాములు.

"సూడమ్మా, పదకొండు డబ్బాకంతా కాదు, నూటికి. డబ్బాలో పట్టేది మున్నూటా ముప్పై. అంటే ముప్పైయారు గ్రాములు. గ్రాముకు నాలుగు కేలరీలు. నూటనలభై నాలుగు! ఎనర్జీ అంటే ఈ లెక్కే, ఇంకేం మాయ లేదు. అన్నే బర్రెపాలు తాగితే ఇంతకు రెండింతలు దాటుతుంది."

"నాలుగచ్చరాలు నేర్చినావని నా తమ్మునికి వంక పెడతావా? పాలంటే మీ నాయన మొగం తిప్పుకుంటాడు. ఇదైతే ఇష్టంగా తాగుతాండాడే!"

అదీ నిజమే. నాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పాలగ్లాసు కోసం చెయ్యి చాచినాడు. ఆ నెలంతా ఒక్కో గుక్కా నొప్పిని ఓర్చుకుంటా మింగినాడు. బతకాలని ఎంత ఆశో మా నాయనకు! ఒక్కనాడూ డబ్బా అడగలేదు.

నెల తిరిగినాక కర్నూలు పోతిమి. తూకం ముల్లు మునుపటికన్నా కిందికే నిలిచింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంటికి తీసకపోమ్మా. ఏమడిగితే అది పెట్టండి" అన్నాడు. అమ్మకు నేనే చెప్పినాను.

ఇంటికొచ్చినాక నాయన డబ్బాల దిక్కు వేలు చూపించినాడు. ఒకటి కడవనీళ్లలో పెట్టి సల్లబడినాక గ్లాసులో పోసిచ్చినాను. ఆబగా తాగినాడు. అమ్మ నా మొగం చూసి, మెల్లగా అడిగింది.

"దీంట్లో ఎంతంటివే పాపా, నూట..."

"తెలీదమ్మా" అన్నాను.