పన్నెండొందల నలభై

ఛీ, ఆ గది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. టెక్కలిలో, హైవే మీద బస్సులాగే చోట, ఎరువుల కొట్టు పైన మేడగది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ నేను బ్యాంకు పరీక్షలకి లెక్కలు చెప్పేవాణ్ణి. చెప్పడమేటి నా మొహం, షార్ట్‌కట్లు అమ్మేవాణ్ణి. "లెక్క సెయ్యకండ్రా, ఆన్సరు పట్టండి" అని బల్ల గుద్ది మరీ అరిచేవాణ్ణి. నేనే మూడుసార్లు అదే పరీక్ష తప్పానన్న సంగతి మాత్రం ఎప్పుడూ నోరు జారలేదు.

నందిగాం నుంచి ఒకామె వచ్చేది. పెళ్లయింది, చిన్న పాప ఉంది. వాళ్లది వరి, కాస్త జీడితోట. ఆ ఏడు పరీక్ష పోతే వయసు దాటిపోతుందని, ఇంక రాయడానికి ఉండదని చేరిన రోజే చెప్పింది. ముందు బెంచీలో కూచుని ప్రతి లెక్కా మొదటినుంచీ వేసేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు లాభనష్టాలు. రెండు వస్తువులు ఒకే ధరకి అమ్మారు, ఒకదాని మీద ఇరవై శాతం లాభం, రెండోదాని మీద ఇరవై శాతం నష్టం. ఇరవైని ఇరవైతో గుణించు, వందతో భాగించు, నాలుగు శాతం నష్టం, అయిపోయింది. ఆమె చెయ్యెత్తింది. "సార్, పన్నెండొందలకి అమ్మితే ఒకటి వెయ్యికి కొన్నట్టు, రెండోది పదిహేనొందలకి. ఇరవై అయిదొందలు పెట్టి ఇరవై నాలుగొందలు తెచ్చుకున్నాం. అందుకే నట్టం, అంతేనా?" అంది. అంతే మరి! అంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదు. కానీ నేనేమన్నాను? "నువ్వు ఇలా జీడిపిక్కలు ఒలిసినట్టు ఒలుస్తా కూసో అమ్మా, ఈలోపు గంట కొట్టీస్తారు" అన్నాను. క్లాసంతా పకపకా నవ్వింది. ఆమె తలొంచుకుని సూత్రం రాసుకుంది.

చక్రవడ్డీకి నా దగ్గర ఇంకో దిక్కుమాలిన చిట్కా ఉండేది. ముందు బారువడ్డీ కట్టు. చక్రవడ్డీ దానికన్నా కొంచెం ఎక్కువుంటుంది కదా, ఆప్షన్లలో దానికి పైన దగ్గర్లో ఉన్నది పెట్టీయ్. ఆప్షన్లు దూరదూరంగా ఉంటేనే అది పనికొస్తుందని నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే చిట్కా విలువ పోదూ? పైగా "ఒకసారి పెట్టింది మార్సకండి, అనుమానం ముంచీస్తాది" అని ఇంకో నీతి.

ఫలితాలొచ్చాయి. ఆమె నంబరు లేదు. రెండ్రోజులకి క్లాసు జరుగుతుండగానే మెట్లెక్కి వచ్చింది. కొత్త బ్యాచి, నిండా కుర్రాళ్లు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "పరీచ్చలో ఒక లెక్క వచ్చింది సార్, ఒకసారి ఏసి సూపిస్తాను" అని నా చేతిలో సుద్దముక్క తీసుకుంది.

ఎనిమిది వేలు, ఏడాదికి పది శాతం, ఏడాదిన్నర, ఆర్నెల్లకోసారి వడ్డీ అసల్లో కలుస్తుంది. బోర్డు మీద ఆప్షన్లు కూడా రాసింది: 1200, 1240, 1261, 1280. "బారువడ్డీ పన్నెండొందలు. మీరు సెప్పినట్టే దానికి పైది, పన్నెండొందల నలభై పెట్టీసాను. ఆకర్న టైము మిగిలింది. మొత్తం ఏసాను" అంటూ కింద రాసింది. మొదటి ఆర్నెల్లకి అయిదు శాతం, నాలుగొందలు. తర్వాత ఎనిమిది వేల నాలుగొందల మీద నాలుగొందల ఇరవై. ఆ తర్వాత ఎనిమిది వేల ఎనిమిదొందల ఇరవై మీద నాలుగొందల నలభై ఒకటి. మొత్తం 1261.

"మరి మార్సలేదేటి?" అన్నాను, తెలివి తక్కువ వెధవలాగ.

"పెన్సిల్తో పెట్టిందే సార్, రబ్బరు కూడా సేతిలో ఉంది. మార్సొద్దన్నారు కదా. నాకన్నా మీకు తెలుసనుకున్నాను."

ఆ ఒక్క లెక్కే ఆమెని ముంచిందో, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలీదు. అడిగే మొహం కూడా లేదు.

వెనక బెంచీలో ఒకడు లేచి, "సార్, అయితే మనం ఏటి సెయ్యాల? మొత్తం ఎయ్యాలా, దగ్గర్ది పెట్టీయాలా?" అన్నాడు. గుమ్మం దగ్గర కోచింగు సెంటరు ఓనరు నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ కుర్రాళ్లు ఫీజు కట్టింది షార్ట్‌కట్ల కోసం. మొత్తం వెయ్యండ్రా అని ఒక్క మాట అంటే నా నోరేం పడిపోయేది? ఆమె కూడా నావైపే చూస్తోంది, ఆ ఒక్క మాట కోసమే వచ్చినట్టు.

"టైముండదు కదా," అన్నాను. "దగ్గర్ది పెట్టీయండి."

ఆమె సుద్దముక్క బల్లమీద పెట్టి, చేతులు దులుపుకుని మెట్లు దిగిపోయింది. తూ, నేను డస్టరు తీసి ముందుగా చెరిపింది ఆమె వేసిన లెక్కనే.